కాగితం మీద ఒకటికి మూడు, రాత్రి రెండింటికి ఒకటికి నలభై

నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో సర్జికల్ వార్డు హెడ్ నర్సుని. ఈ కేసు మా వార్డులో జరిగిందే. పేషెంటు వివరాలు, ఊరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు, రాయకూడదు కూడా. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. నర్సులు తక్కువగా ఉన్నారని అందరూ అంటారు, కానీ ఆ తక్కువ ఒక మనిషి మంచం దాకా ఎలా చేరుతుందో, ఏ గంటలో ఏ పని జారిపోతుందో విడమరిచి రాసింది నాకు తెలుగులో పెద్దగా కనిపించలేదు.

ఆయనకు 52 ఏళ్లు, రైతు. కడుపులో పుండు పగిలి పేగుకు రంధ్రం పడితే రాత్రికి రాత్రి పొట్ట తెరిచి, ఆ రంధ్రాన్ని పొట్టలోని కొవ్వు పొరతో మూసి కుట్టారు. ఎమర్జెన్సీ సర్జరీల్లో ఇది మాకు వారంలో ఒకటో రెండో వచ్చే మామూలు కేసే. ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి రెండు రోజులూ బాగున్నాడు. మూడో రోజు రాత్రి సంగతి ఇది.

వార్డులో మంచాలు 36. ఆ రాత్రి పేషెంట్లు 41 మంది, అంటే ఐదుగురు నేల మీద పరుపుల్లో ఉన్నారు. డ్యూటీలో ఇద్దరు నర్సులు. మా దగ్గర ఉదయం డ్యూటీ 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి మాత్రం 8 నుంచి మర్నాడు 8 దాకా పన్నెండు గంటలు.

రాత్రి 8 గంటలకు ఆయన పల్స్ 96, బీపీ 120/80, శ్వాస 20, జ్వరం లేదు. అర్ధరాత్రి 12 గంటలకు పల్స్ 112, బీపీ 114/70, జ్వరం 101, ఆక్సిజన్ 96 శాతం, శ్వాస మళ్లీ 20. పారాసెటమాల్ ఎక్కించారు, సెలైన్ స్పీడు పెంచారు. ఆ తర్వాత 4 గంటలకు చూడాల్సిన వరుస ఖాళీ. 4.40కి ఆయన భార్య కౌంటర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "సిస్టరమ్మా, ఒళ్లంతా చెమటలు పట్టేశాయి, పిలిస్తే పలకట్లేదు" అంది. వెళ్లి చూస్తే బీపీ 80/50, పల్స్ 138, శ్వాస 34. అర్ధరాత్రి ఖాళీ చేసిన యూరిన్ బ్యాగులో 40 ఎం.ఎల్. ఉంది. వేసిన కుట్టు లీకై ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. 5.30కి ఐసీయూకి మార్చారు, ఉదయం 9కి మళ్లీ పొట్ట తెరిచారు. నాలుగో రోజు చనిపోయాడు.

ఇద్దరు నర్సులకూ మెమో వచ్చింది, 4 గంటల రీడింగు ఎందుకు తీయలేదని. నన్ను వివరణ రాయమన్నారు. నేను వివరణతో ఆపకుండా ఆ రాత్రి తాలూకు 41 కేస్ షీట్లూ, డ్యూటీ రిజిస్టరూ, బ్లడ్ బ్యాంకు స్లిప్పూ, సీటీ గది రిజిస్టరూ ముందేసుకుని కూర్చున్నాను.

ఆ యాభై నిమిషాలు

ముందు రెండు గంటలప్పుడు ఏం జరుగుతోందో చూడండి. తలకు దెబ్బ తగిలి సాయంత్రం చేరిన ఒక కుర్రాడు వాంతులు చేసుకుని మత్తుగా అయిపోతే, పీజీ డాక్టరు సీటీ తీయించమన్నారు. సీటీ వేరే బ్లాకులో ఉంది. స్ట్రెచర్ తోయడానికి వార్డు సహాయకుడు, మేం ఎంఎన్‌ఓ అంటాం, ఉన్నాడు, కానీ దారిలో ఊపిరి ఆగితే చూసేవాళ్లు కావాలి కాబట్టి ఒక నర్సు వెంట వెళ్లింది. సీటీ రిజిస్టరు ప్రకారం 1.50కి బయల్దేరి 2.40కి తిరిగొచ్చారు. రెండో నర్సు అప్పుడే 33వ మంచం పేషెంటుకి రక్తం ఎక్కించడం మొదలుపెట్టింది. రక్తం మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు పక్కనే నిలబడాలి, రియాక్షన్ వస్తే సాధారణంగా అప్పుడే వస్తుంది. అది ఎవరూ వదలకూడని పని, ఆమె వదల్లేదు.

అంటే దాదాపు 50 నిమిషాలు 40 మందికి ఒకే నర్సు, అందులో ఆ మొదటి పావుగంట ఆమె కళ్లు ఒక్క మనిషి మీదే. రైతు భార్య రెండు గంటల తర్వాత ఒకసారి, మూడు గంటలప్పుడు ఇంకోసారి కౌంటర్ దగ్గరికి వచ్చిందట. రెండుసార్లూ అక్కడ ఎవరూ లేరు. ఆమె మాకు చెప్పిన మాట ఇది: "ఎవరూ లేరు కదా, తెల్లారాక చెబుదాంలే అనుకుని వెనక్కెళ్లి ఆయన కాళ్లు ఒత్తుతూ కూర్చున్నా." అప్పటికే ఆయన కాళ్లు చల్లబడి ఉంటాయి.

అర్ధరాత్రి రీడింగు తీసిన నర్సుని నేను అడిగాను. చిన్నపిల్ల, డ్యూటీలో చేరి ఏడాదిన్నర అయింది. "పల్స్ 112 చూడగానే నాకు తేడాగానే అనిపించింది మేడమ్, ఇంజెక్షన్ల రౌండ్ అయ్యాక మళ్లీ వద్దామనుకున్నా, రాలేకపోయాను" అంది. ఆ అమ్మాయికి తెలియక కాదు, గుర్తుపట్టింది. మళ్లీ వచ్చే వ్యవధి ఆమెకు దొరకలేదు.

తర్వాత నేను రాత్రి పనికి లెక్క కట్టాను. ఇద్దరు నర్సులు, పన్నెండు గంటలు, మొత్తం 1,440 నిమిషాలు. నాలుగు గంటలకోసారి బీపీ, పల్స్, శ్వాస, జ్వరం చూడాలంటే రాత్రిలో మూడు రౌండ్లు. శ్వాసను నిమిషం పాటు నిజంగా లెక్కపెట్టి, రాసి, పక్క మంచానికి వెళ్లాలంటే మనిషికి 4 నిమిషాలు, దీనికే 492 నిమిషాలు పోతాయి. రాత్రి 10కి, ఉదయం 6కి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు సుమారు 30 మందికి, కలిపి, చూసుకుని, క్యాన్యులా సరిగ్గా ఉందో లేదో చూసి ఎక్కించడానికి మనిషికి 6 నిమిషాల చొప్పున 360. నోట్సులు రాయడానికి మనిషికి 5 నిమిషాలు అనుకున్నా 205. డ్యూటీ అప్పగించుకోవడం, అప్పగించడం ఇద్దరికీ కలిపి 160. ఆ రాత్రి ఇద్దరు కొత్త పేషెంట్లు చేరారు, 90. మర్నాడు ఆపరేషన్ ఉన్న నలుగురిని తయారుచేయడానికి 100. డ్రెయిన్లు ఖాళీ చేసి కొలవడానికి 70. మొత్తం 1,477. అంటే ఎవరూ బెల్లు కొట్టకుండా, ఎవరికీ వాంతి కాకుండా, ఎవరినీ సీటీకి తీసుకెళ్లకుండా, నర్సు గ్లాసు నీళ్లు కూడా తాగకుండా ఉన్నా ఆ పని ఆ ఇద్దరితో పూర్తికాదు. ఏదో ఒకటి వదలక తప్పదు.

ఏది వదులుతారన్నదే అసలు సంగతి. ఇంజెక్షన్ వదలరు, డాక్టరు రౌండ్స్‌లో అడుగుతాడు. ఓటీ కేసు తయారుచేయడం వదలరు, ఉదయం 8కల్లా ఓటీ నుంచి ఫోన్ వస్తుంది. రాత వదలరు, అది లేకపోతే మెమో. వదిలేది చూపు. మంచం దగ్గరికి మళ్లీ వెళ్లి ఇంకోసారి చూడటం, ఆ చూడటం జరగలేదని మర్నాడు ఎవరికీ కనిపించదు.

శ్వాస కాలమ్‌లో 20

ఇక్కడ ఒక్క చిన్న విషయం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఏ వార్డులోనైనా నర్సులు సరిపోతున్నారో లేదో నేను ముందు చూసేది ఇదే. ఆ రాత్రి 41 కేస్ షీట్లలో 36 షీట్లలో శ్వాస 20 అని ఉంది. మూడు పూటలా 20. అరవై ఏళ్ల ఉబ్బస రోగికీ 20, పదిహేడేళ్ల అపెండిక్స్ పిల్లాడికీ 20.

బీపీ మిషను పెడితే అంకె వస్తుంది, వేలికి క్లిప్పు పెడితే పల్స్, ఆక్సిజన్ వస్తాయి. శ్వాస ఒక్కటే మనిషి నిలబడి, పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టాలి. టైము లేనప్పుడు మొదట పోయేది అదే, దాని బదులు నార్మల్ అంకె ఒకటి వచ్చి కూర్చుంటుంది. కానీ ఒంట్లో ఇన్ఫెక్షన్ పెరుగుతున్నప్పుడు బీపీ పడిపోవడానికి చాలాముందే పెరిగేది శ్వాసే.

ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన ఎర్లీ వార్నింగ్ స్కోరు ఒకటి ఉంది, న్యూస్ అంటారు, 2017లో సవరించారు. ఒక్కో రీడింగుకి సున్నా నుంచి మూడు పాయింట్లు, మొత్తం 5 వస్తే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి. అప్పటికి మా వార్డులో అది వాడటం లేదు, నేను తర్వాత వేసి చూశాను. అర్ధరాత్రి 12కి ఆయన పల్స్ 112కి 2 పాయింట్లు, జ్వరం 101కి 1, శ్వాస 20కి సున్నా. మొత్తం 3. శ్వాస నిజంగా 21 నుంచి 24 మధ్య ఉండుంటే 2 పాయింట్లు చేరి సరిగ్గా 5 అయ్యేది. 25, ఆపైన ఉంటే 6. నాలుగున్నర గంటల తర్వాత 34 ఉన్న మనిషికి జ్వరం, పల్స్ అంతలా పెరిగిన ఆ వేళ శ్వాస 20 మాత్రమే ఉండుంటుందని నేను అనుకోను. లెక్కపెట్టని ఆ ఒక్క అంకె పీజీ డాక్టరుకి వెళ్లాల్సిన ఫోన్‌ని ఆపేసింది.

కుట్టు లీకవడం ఎవరి తప్పూ కాదు, కొందరిలో అవుతుంది. అయిందని ఎప్పుడు కనిపెట్టాం అన్నదే తేడా. దీన్ని పరిశోధకులు ఫెయిల్యూర్ టు రెస్క్యూ అంటారు, అంటే ఆపరేషన్ తర్వాత వచ్చిన చిక్కును పట్టుకుని మనిషిని దక్కించుకోలేకపోవడం. పెన్సిల్వేనియాలో లిండా ఐకెన్ బృందం 168 ఆసుపత్రుల్లో, రెండు లక్షల ముప్పై రెండు వేల పైచిలుకు సర్జరీ పేషెంట్లను చూసి 2002లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీని మీదే. నర్సుకి ఒక్క పేషెంటు పెరిగితే, నెలలోపు మరణం సంభవించే అవకాశం 7 శాతం పెరిగింది, చిక్కు వచ్చాక కాపాడలేకపోవడం కూడా అంతే పెరిగింది. నర్సుకి నలుగురున్న ఆసుపత్రితో పోలిస్తే ఎనిమిది మంది ఉన్నచోట మరణాల అవకాశం 31 శాతం ఎక్కువ.

మనవాళ్లు ఈ 7 శాతాన్ని తీసుకొచ్చి మన వార్డుకి గుణించేస్తుంటారు. అది సరికాదు. ఆ పోలిక నలుగురికీ ఎనిమిది మందికీ మధ్య చేసింది, మేమున్నది ఇరవై దగ్గర, రాత్రి రెండింటికి నలభై దగ్గర. ఆ గ్రాఫులో మాకు చోటే లేదు. అక్కడ వాళ్లు కొలిచింది నర్సు కాస్త ఆలస్యంగా వస్తే ఏమవుతుందన్నది, మా దగ్గర కొన్ని గంటలు అసలు ఎవరూ రారు.

మూడు ఇరవై ఎలా అయింది

ఇక కాగితం సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు. ఇది చదివి చాలామంది డాక్టర్లు కూడా నర్సుకి ముగ్గురే అనుకుంటారు. కానీ అది మూడు షిఫ్టులకూ కలిపి. షిఫ్టుకి లెక్కేస్తే ఒకటికి తొమ్మిది. 36 మంచాలకు 12 మంది నర్సులు, షిఫ్టుకి నలుగురు, సెలవుల కోసం ఇంకో 30 శాతం, కలిపి 16 మంది.

ఈ 30 శాతం చాలదు. ఏడాదిలో వారాంతపు సెలవులు 52, క్యాజువల్ లీవులు 15, ఎర్న్‌డ్ లీవులు 30, పండగలకీ నైట్ డ్యూటీలకీ బదులు ఇచ్చే ఆఫ్‌లు సుమారు 20 తీసేస్తే ఒక నర్సు డ్యూటీకి వచ్చేది 248 రోజులు. వార్డుకి మాత్రం 365 రోజులూ మనిషి కావాలి. 365ని 248తో భాగిస్తే 1.47. అంటే ఒక షిఫ్టులో ఒక నర్సు ఏడాది పొడవునా నిలబడాలంటే దాదాపు ఒకటిన్నర మందిని నియమించాలి. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ నిబంధనల్లో 45 శాతం అదనం అని ఉన్నది ఇందుకే, ఎవరో కూర్చుని సెలవులన్నీ లెక్కపెట్టారు. ప్రసూతి సెలవులు ఎక్కువున్న ఏడాది అది కూడా చాలదు, మా ఉద్యోగంలో ఎక్కువమంది ఆడపిల్లలే మరి.

మా వార్డుకి మంజూరైనవి 14 పోస్టులు. భర్తీ అయినవి 11. అందులో ఒకరు ప్రసూతి సెలవులో, ఒకరు ఐసీయూకి డిప్యుటేషన్ మీద. మిగిలింది 9 మంది. ఆ 248 రోజుల లెక్కన 9 మంది కలిసి వారానికి 43 డ్యూటీలు చేయగలరు. రోజుకి మూడు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు, ఏడు రోజులకి 42. ఇంకొక్క డ్యూటీ మాత్రమే చేతిలో ఉంది. ఒకరికి జ్వరమొస్తే ఏదో ఒక షిఫ్టులో ఒక్కరే.

కాగితం మీద మూడు, షిఫ్టుకి తొమ్మిది, ఖాళీలూ సెలవులూ పోగా మంచాల లెక్కన పద్దెనిమిది, నేల మీద పరుపులు కలిపితే ఇరవై, ఒకరు సీటీకి వెళ్తే నలభై. ఏ ఒక్క మెట్టు దగ్గరా ఎవరూ రూలు తప్పలేదు. పై ఆఫీసుకి వెళ్లే నెలవారీ నివేదికలో ఉండేది పోస్టులూ మంచాలూ మాత్రమే. ఆ రాత్రి 2.10కి వార్డులో ఎంతమంది నర్సులు నిలబడి ఉన్నారన్న కాలమ్ ఆ ఫారంలో లేదు. పగటిపూట నర్సింగ్ కాలేజీ పిల్లలు ఉంటారు కాబట్టి తనిఖీకి వచ్చినవాళ్లకు వార్డు నిండుగా కనిపిస్తుంది. నన్ను కూడా నర్సుల లెక్కలో కలిపేస్తారు. నేను రోజంతా ఇండెంట్లు, డ్యూటీ చార్టులు, మందుల స్టాకు చూసుకుంటాను, పేషెంటు దగ్గర ఉండను.

అందుకే నాకు ఆస్ట్రేలియా పద్ధతి నచ్చింది. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో 2000 నుంచే ఈ నిష్పత్తులు అమల్లో ఉన్నాయి, 2015లో చట్టం చేశారు. పెద్ద ఆసుపత్రుల జనరల్ వార్డుల్లో పగలు నలుగురికి ఒక నర్సు, రాత్రి ఎనిమిది మందికి ఒకరు, పగటి షిఫ్టుల్లో వార్డు ఇన్‌ఛార్జి ఈ లెక్కకి అదనం. క్వీన్స్‌లాండ్‌లో 2016 జులై 1 నుంచి పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒకరు. క్వీన్స్‌లాండ్ విలువ ఏమిటంటే, చట్టం వర్తించిన 27 ఆసుపత్రులనీ వర్తించని 28 ఆసుపత్రులనీ ముందూ తర్వాతా పోల్చి చూశారు. 2021లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితాల్లో, నిష్పత్తి అమలైన చోట మరణాల అవకాశం 11 శాతం తగ్గింది, మిగతాచోట తగ్గలేదు. పెరిగిన నర్సులు 167 మంది. వాళ్ల మీద రెండేళ్లలో సుమారు 3.3 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఖర్చయితే, పేషెంట్లు త్వరగా ఇంటికెళ్లడం వల్లా మళ్లీ చేరకపోవడం వల్లా మిగిలింది దానికి రెట్టింపు పైనే అని అంచనా వేశారు. మన బడ్జెట్ ఆఫీసర్లకు చూపించాల్సింది ఈ భాగం.

కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 జనవరి నుంచి అమలు చేశారు, సర్జికల్ వార్డులో మొదట ఆరుగురికి ఒకరు, 2005 నుంచి ఐదుగురికి. నేను అక్కడినుంచి తీసుకునేది ఒక్క మాట: 'అన్ని వేళలా'. నర్సు భోజనానికి వెళ్లినా ఆమె పేషెంట్లను లెక్క దాటకుండా ఇంకొకరు చూడాలి. ఆ మాట మా ఆసుపత్రిలో ఉండుంటే 1.50కి సీటీకి వెళ్లిన నర్సు బదులు ఇంకొకరిని పంపాల్సిన బాధ్యత ఎవరో ఒకరి మీద ఉండేది. అయితే అక్కడ కూడా అన్నీ మెరుగుపడలేదు. మొదటి ఏళ్లలో చేసిన పరిశీలనల్లో పేషెంట్లు కిందపడటం, వీపు పుళ్లు స్పష్టంగా తగ్గినట్టు కనిపించలేదు. నాకు అది వింతగా అనిపించదు. పుండు పడకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి, దానికి నర్సుతో పాటు ఇంకో రెండు చేతులు, సరైన పరుపు కావాలి. నర్సుల సంఖ్య బాగా పనిచేసేది మనిషి పరిస్థితి పాడవుతోందని కనిపెట్టే చోట.

మేం ఏం మార్చాం

ఈ లెక్కలన్నీ రెండు పేజీల్లో రాసి సూపరింటెండెంట్ గారికి ఇచ్చాను. ఆయన చదివారు, నిజంగానే చదివారు, ఆ 1,477 నిమిషాల లెక్క దగ్గర ఆగి ఒక్కొక్క అంకె ఎలా వచ్చిందని అడిగారు. కొత్త పోస్టులు ఆయన చేతిలో లేవు. డిప్యుటేషన్ మీదున్న నర్సుని వెనక్కి ఇచ్చారు, ఆసుపత్రి నిధుల నుంచి ఇద్దరు కాంట్రాక్టు నర్సులని ఇచ్చారు. 9 మంది 12 అయ్యారు. అంటే వారానికి 57 డ్యూటీలు, రోజుకి ఎనిమిది. నేను ఉదయం ముగ్గురిని, మధ్యాహ్నం ఇద్దరిని, రాత్రి ముగ్గురిని వేశాను. మధ్యాహ్నం తక్కువేంటని గొడవ జరిగింది. పన్నెండు గంటల షిఫ్టు, పెద్ద డాక్టర్లు ఎవరూ ఉండని షిఫ్టు రాత్రిదే కాబట్టి మూడో మనిషిని అక్కడే ఉంచాను.

కౌంటర్ ఎదురుగా ఉన్న ఎనిమిది మంచాలను, ఆపరేషనై మూడు రోజులు దాటని పెద్ద పొట్ట కేసులకీ, స్కోరు 3 దాటినవాళ్లకీ కేటాయించాం. రాత్రి ఒక నర్సుకి ఆ ఎనిమిది మందే. ఆమె ఎస్కార్టుకి వెళ్లదు. మిగతా 33 మందిని ఇద్దరు పంచుకుంటారు, పదహారు పదిహేడు మంది చొప్పున. అది మంచి నిష్పత్తి కాదని నాకు తెలుసు, ఆ ఎనిమిది మందిని కాపాడటానికి మిగతావాళ్ల దగ్గర నుంచి చూపు కొంత తీసుకున్నాను. ఎవరిని ఆ ఎనిమిది మంచాల్లో పెట్టాలన్న నిర్ణయం తప్పితే ఆ తప్పు కూడా ప్రాణం మీదికే వస్తుంది. అందుకే రోజూ సాయంత్రం 7 గంటలకు పీజీ డాక్టరూ నేనూ కలిసి చూసి మంచాలు మారుస్తాం.

ఎస్కార్టుకి ఒక రూలు పెట్టుకున్నాం. ఆక్సిజన్ అవసరం లేకుండా, తెలివిలో ఉన్న పేషెంటయితే ఎంఎన్‌ఓతో పాటు హౌస్ సర్జన్ వెళ్తారు. నర్సే వెళ్లాల్సి వస్తే, వెళ్లే ముందు పక్క వార్డుకి ఫోన్ చేసి చెప్పాలి, అక్కడి నర్సు అరగంటకోసారి వచ్చి ఆ ఎనిమిది మంచాలూ చూసి వెళ్తుంది. కాగితం మీద తేలిక, పక్క వార్డులోనూ ఇద్దరే ఉన్న రాత్రి కష్టం. అలాంటి రాత్రులు కొన్నిసార్లు ఆమె రాలేకపోయింది.

రిజిస్టరులో ఒక పేజీ కొత్తగా మొదలుపెట్టాం. ఉదయం 10, సాయంత్రం 6, రాత్రి 2 గంటలకు వార్డులో ఆ నిమిషాన ఉన్న నర్సులు ఎందరు, పేషెంట్లు ఎందరు. చార్టులో పేరున్నవాళ్లను కాదు, ఆ నిమిషాన వార్డులో ఉన్నవాళ్లను రాయాలి. మొదటి వారం ఆ అంకెలు రాయడానికి పిల్లలు భయపడ్డారు, దాన్ని కూడా మెమోకి వాడతారేమోనని. నా సంతకం కింద పెట్టుకోండి అని చెప్పాక రాశారు. రాష్ట్ర స్థాయిలో ఒక్క మార్పు అడగమంటే నేను ఇదే అడుగుతాను: పోస్టుల లెక్కతో పాటు ప్రతి వార్డు నుంచీ ఈ మూడు పూటల అంకె పైకి వెళ్లాలి, వార్డు గుమ్మం దగ్గర బోర్డు మీద పేషెంటు బంధువులకు కూడా కనిపించాలి. పోస్టులు మంజూరు చేసేటప్పుడు సెలవులకు 45 శాతం వేయాలి, వార్డు ఇన్‌ఛార్జిని లెక్కలోంచి తీసేయాలి. ఒకటికి నాలుగు రేపే రాదని నాకూ తెలుసు. షిఫ్టుకి ఒకటికి తొమ్మిది అని మన కౌన్సిల్ రాసుకున్న మాటనైనా రాత్రి రెండింటికి కొలిచి చూడండి అంటున్నాను.

మరణాలు తగ్గాయా అని అడుగుతారు. ఒక వార్డులో కొన్ని నెలల అంకెలతో అది చెప్పకూడదు, పేషెంట్లు నెలనెలా మారతారు, వచ్చే కేసులు మారతాయి. తేడా నాకు కనిపించింది ఫోన్లలో. ఇదివరకు పీజీ డాక్టర్లకు రాత్రి ఫోన్లు ఎక్కువగా ఉదయం 5 నుంచి 7 మధ్య వెళ్లేవి, అంటే ఉదయం ఇంజెక్షన్లకని మంచం దగ్గరికి వెళ్లినప్పుడు పేషెంటు పరిస్థితి పాడైందని తెలిసేది. ఇప్పుడు ఒంటిగంటకీ రెండింటికీ కూడా వెళ్తున్నాయి. పీజీలు మొదట విసుక్కున్నారు. తర్వాత ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ఆ ఎనిమిది మంచాల్లో ఒకామెకి శ్వాస 26, స్కోరు 6 అని ఫోన్ చేస్తే వచ్చి చూసి, మూడు గంటలకల్లా ఓటీకి తీసుకెళ్లారు. ఆమెకీ కుట్టు లీకే. పదమూడో రోజు ఇంటికి వెళ్లింది.

ఆ చిన్నపిల్ల మెమోకి జవాబు రాసేటప్పుడు నా లెక్కల కాగితం జతచేశాను. మెమో మీద ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ మా వార్డులోనే నైట్ డ్యూటీ చేస్తోంది.

కేస్ షీట్లు మాత్రం నేను రోజూ ఉదయం చూస్తాను. ముగ్గురున్న రాత్రి మర్నాడు శ్వాస కాలమ్‌లో 16, 22, 18, 24, 19 అని ఉంటాయి. కిందటి వారం ఒక కాంట్రాక్టు నర్సు మానేసింది. రెండు రాత్రులు మళ్లీ ఇద్దరే నడిపారు. ఆ ఎనిమిది మంచాల షీట్లలో అంకెలు మామూలుగానే ఉన్నాయి. వెనక వరుస షీట్లు తిప్పాను. 20, 20, 20, 20.